కిండిల్‌లో కొన్న పుస్తకాలు తీసేయడం: పరికరంలోంచి తీసేదానికీ ఖాతాలోంచి తీసేదానికీ తేడా తెలియక చేసిన పొరపాటు

మూసీ ఒడ్డు, నల్లగొండ · శనివారం ఉదయం 9.40

సభ్యులందరికీ నమస్కారం. నేను జూనియర్ కళాశాలలో అధ్యాపకుడిగా పనిచేసి విరమణ పొందినవాణ్ని. పదేళ్ల కిందట కొన్న 4 జీబీ కిండిల్ పేపర్‌వైట్ ఒకటి నా దగ్గర ఉంది. మొన్న మా బిడ్డ కొత్తది కొనిచ్చింది కాబట్టి, పాతదాన్ని దేవరకొండలో డిగ్రీ చదువుతున్న మా తమ్ముని కొడుకుకు ఇద్దామని అనుకున్నాను. ఇచ్చే ముందు అందులోని పుస్తకాలను తీసేయడం మర్యాద కదా అని, కంప్యూటర్‌లో అమెజాన్ ఖాతా తెరిచి, "Content Library" అనే పేజీలో ఇక పనికిరావనుకున్న తొమ్మిది పుస్తకాలకు టిక్కు పెట్టి "Delete" నొక్కాను. ఏదో హెచ్చరిక వచ్చింది. చదవకుండానే ఒప్పుకున్నాను.

ఆ తొమ్మిదిలో ఆరు, మా బిడ్డ గ్రూప్-2 పరీక్షకు తయారైన రోజుల్లో కొన్న గైడ్లు. అవి పాతబడ్డాయి కనుక వాటి గురించి బాధ లేదు. మిగిలిన మూడింటిలో రెండు నవలలు, ఒకటి చరిత్ర పుస్తకం. నిన్న రాత్రి మహబూబ్‌నగర్ నుంచి మా బిడ్డ ఫోన్ చేసి, తాను సగం చదివిన చరిత్ర పుస్తకం తన ఫోన్‌లోని కిండిల్ యాప్‌లో కనబడటం లేదని చెప్పింది. మా ఇద్దరిదీ ఒకటే ఖాతా. నేను తీసింది పాత కిండిల్‌లోంచి అనుకున్నాను గాని, తీరా చూస్తే అది అందరి దగ్గరి నుంచీ పోయినట్టుంది.

విచిత్రమేమిటంటే, ఏ కిండిల్‌ను ఖాళీ చేద్దామనుకున్నానో అందులో మాత్రం ఆ మూడు పుస్తకాలూ ఇంకా ఉన్నాయి, తెరుచుకుంటున్నాయి కూడా. అది నెల రోజులుగా ఏరోప్లేన్ మోడ్‌లో ఉంది. నా ప్రశ్నలు రెండు. పోయినవి తిరిగి వస్తాయా? ఈ పాతదాన్ని సరైన పద్ధతిలో ఖాళీ చేసి ఇవ్వడం ఎలా?

జడ్చర్ల జంక్షన్ · శనివారం ఉదయం 10.15

సార్, మిగతా మాటలు తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఆ పాత కిండిల్‌కు వైఫై కలపకండి. ఏరోప్లేన్ మోడ్‌ను అలాగే ఉంచండి. ఖాతాలో ఆ పుస్తకాలు లేవన్న కబురు ఆ పరికరానికి ఇంకా అందలేదు, అందుకే అవి అక్కడ బతికున్నాయి. అది ఒకసారి నెట్‌కు తగిలి సింక్ అయితే అక్కడినుంచి కూడా పోతాయి. ఒక్కోసారి వెంటనే పోకపోవచ్చు, కాని ఆ జూదం ఇప్పుడెందుకు?

వివరంగా సాయంత్రం రాస్తాను, ఇప్పుడు గ్రంథాలయంలో పనిలో ఉన్నాను.

సాగర్ ఎడమకాలువ, మిర్యాలగూడ · శనివారం ఉదయం 11.02

మాస్టారు గారు, ఇందులో కంగారు పడవలసింది ఏమీ లేదు. తీసేసిన పుస్తకాలు ఆర్కైవ్ అనే చోటుకు పోతాయి. అక్కడికి వెళ్లి వాటిని మళ్లీ గ్రంథాలయంలోకి తెచ్చుకోవచ్చు. నేను ఎన్నోసార్లు చేశాను. ఒకవేళ అక్కడ దొరక్కపోయినా, వెబ్‌సైట్‌లో ప్రతి పుస్తకం పక్కనా కంప్యూటర్‌లోకి దించుకునే ఏర్పాటు ఉంటుంది, దాన్ని దించుకొని కేబుల్‌తో ఎక్కించుకుంటే సరిపోతుంది.

వనపర్తి విద్యార్థిని · శనివారం మధ్యాహ్నం 12.30

నాకూ ఇదే సమస్య వచ్చింది సార్. పొరపాటున ఒక పుస్తకం కొన్నాను, వేలు తగిలి డబ్బు కట్ అయింది. నేను కూడా దాన్ని "Delete" చేశాను, కాని డబ్బు మాత్రం వెనక్కి రాలేదు. డిలీట్ చేసిన ఎన్ని రోజులకు డబ్బు వస్తుందో ఎవరైనా చెప్పగలరా?

గద్వాల కోట · శనివారం మధ్యాహ్నం 1.10

నా అనుభవం కొంచెం వేరు, అయినా ఇక్కడ చెప్పాలనిపిస్తోంది. నేను కొన్న పుస్తకాలు పదికి మించవు. పాత తెలుగు పుస్తకాల స్కానింగులే నా దగ్గర ఎక్కువ. ఒక్కొక్క పీడీఎఫ్ ముప్పై, నలభై ఎంబీ ఉంటుంది. కిండిల్ నిండిపోయిందని హెచ్చరిక రావడంతో వెబ్‌సైట్‌లో "Docs" విభాగంలోకి వెళ్లి, ఒక పేజీలో ఉన్నవన్నీ టిక్కు పెట్టి తీసేశాను. కిండిల్‌లో ఖాళీ అయితే వచ్చింది. తర్వాత కావాలని వెతికితే ఎక్కడా లేవు. అసలు పీడీఎఫ్‌లు పాత ల్యాప్‌టాప్‌లో ఉండేవి, ఆ ల్యాప్‌టాప్‌ను అంతకుముందే అమ్మేశాను. కొన్నవైతే మళ్లీ కొనుక్కోవచ్చు, ఇవి కొనడానికి కూడా దొరకవు.

జడ్చర్ల జంక్షన్ · శనివారం సాయంత్రం 6.45

ఒక్కొక్కరికీ జవాబు రాస్తాను, కొంచెం పొడవవుతుంది, ఓపిక పట్టండి.

మాస్టారి విషయంలో జరిగింది ఇది. కిండిల్‌లో పుస్తకం రెండు చోట్ల ఉంటుంది. మన పేరుమీద కొన్నట్టు ఖాతాలో నమోదై ఉండేది ఒకటి, ఆ నమోదును చూసి ఒక్కో పరికరం దించుకున్న ఫైలు ఇంకొకటి. పరికరంలో పుస్తకం బొమ్మమీద వేలు నొక్కి పట్టుకుంటే వచ్చే "Remove Download" అనే మాట ఆ ఫైలును మాత్రమే తీస్తుంది. పాత సాఫ్ట్‌వేర్‌లో ఇదే మాట "Remove from Device" అని కనబడేది. అది నొక్కాక గ్రంథాలయంలో "All" అని పెట్టి చూస్తే పుస్తకం బొమ్మ అలాగే ఉంటుంది, "Downloaded" అని పెట్టి చూస్తే ఉండదు. బొమ్మను మళ్లీ తాకితే మళ్లీ దిగుతుంది. చాలామంది "తీసేశాను, అయినా పోవడం లేదు" అని ఫిర్యాదు చేసేది ఈ బొమ్మను చూసే. అది పోకపోవడమే సరైన పని.

వెబ్‌సైట్‌లో మీరు నొక్కిన "Delete" మాత్రం ఆ నమోదునే తీసేస్తుంది. మీకు వచ్చిన హెచ్చరిక పెట్టెలో ఒప్పుకునే బొత్తం మీద "permanently" అన్న మాట ఉంటుంది. దాని తర్వాత ఆ పుస్తకం ఆ ఖాతాకు చెందిన ఏ పరికరానికీ దొరకదు, మళ్లీ చదవాలంటే మళ్లీ కొనాలి. మీ ఇద్దరిదీ ఒకే ఖాతా కాబట్టి మీ బిడ్డ ఫోన్‌కు కూడా అదే వర్తించింది. ఇది నిజమో కాదో మీరే చూసుకోవచ్చు: అమెజాన్‌లో ఆ పుస్తకం పేజీ తెరవండి. ఖాతాలో ఉన్న పుస్తకమైతే మీరు ఫలానా తేదీన కొన్నారని పైన రాసి ఉంటుంది. లేని పుస్తకమైతే కొత్తవాళ్లకు కనబడినట్టే కొనే బొత్తం కనబడుతుంది.

మీరు అసలు చేయాలనుకున్న పనికి ఆ పేజీలోనే వేరే మార్గం ఉంది. పుస్తకం వరుసలో "Deliver or Remove from Device" అని ఉంటుంది. దాన్ని నొక్కితే మీ పరికరాల జాబితా వస్తుంది, అందులో పాత కిండిల్‌ను ఎంచుకొని తీసేయమంటే ఆ ఒక్కదానిలోంచే పోతుంది. దీనికి ఆ పరికరం నెట్‌కు కలిసి ఉండాలి.

మిర్యాలగూడ అన్నగారు, మీరు చెప్పిన ఆర్కైవ్ ఏ పరికరంలో చూశారు? పాత కిండిల్‌లలో క్లౌడ్‌లో ఉన్న పుస్తకాలను "Archived Items" అని చూపించేవారు. అది తీసేసిన పుస్తకాల చెత్తబుట్ట కాదు, ఖాతాలో భద్రంగా ఉండి పరికరంలోకి దించుకోని పుస్తకాల జాబితా. కిండిల్ ఖాతాకు చెత్తబుట్ట అనేది లేదు. కంప్యూటర్‌లోకి దించుకునే సౌకర్యం నిజమే, ఒకప్పుడు ఉండేది. దాన్ని 2025 ఫిబ్రవరి 26న ఎత్తేశారు. ఉన్న రోజుల్లో కూడా ఖాతాలో ఉన్న పుస్తకానికే అది వచ్చేది.

వనపర్తి చెల్లెమ్మా, నీది వేరే సమస్య. డిలీట్‌కూ డబ్బు వాపసుకూ సంబంధం లేదు. పొరపాటుగా కొన్న పుస్తకాన్ని ఏడు రోజుల్లోగా వెనక్కి ఇవ్వవచ్చు, దానికి ఆర్డర్ల పేజీలో డిజిటల్ ఆర్డర్ల కింద వెనక్కి ఇచ్చే మార్గం ఉంటుంది. అలా వెనక్కి ఇస్తే పుస్తకం ఖాతాలోంచి దానంతట అదే పోతుంది. నువ్వు ముందు డిలీట్ చేశావు కాబట్టి, గడువు ఉంటే ఈరోజే కస్టమర్ సపోర్ట్‌తో చాట్‌లో మాట్లాడు.

సాగర్ ఎడమకాలువ, మిర్యాలగూడ · శనివారం రాత్రి 8.20

జంక్షన్ గారూ, పొరపాటు ఒప్పుకుంటున్నాను. నాది కిండిల్ కాదు, మా తమ్ముడు కెనడా నుంచి తెచ్చిన కోబో. అందులో ఖాతా పేజీలో "Archive" అని ఉంటుంది, పుస్తకాన్ని అందులోకి పంపి మళ్లీ వెనక్కి తెచ్చుకోవచ్చు. రీడర్లన్నీ ఒకే పద్ధతిలో నడుస్తాయనుకున్నాను.

కాని ఒక సందేహం మిగిలింది. మాస్టారి పాత కిండిల్‌లో ఆ మూడు పుస్తకాలూ ఇంకా ఉన్నాయి కదా. కేబుల్ పెట్టి ఆ ఫైళ్లను కంప్యూటర్‌లోకి కాపీ చేసి, అమ్మాయి ఫోన్‌లో వేస్తే పని తీరదా?

జడ్చర్ల జంక్షన్ · శనివారం రాత్రి 9.05

కాపీ అవుతుంది, తెరుచుకోదు. కొన్న పుస్తకానికి తాళం ఉంటుంది, ఆ తాళంచెవి ఆ పరికరానికే చెందినది. వేరే పరికరంలో పెడితే ఫైలు కనబడుతుంది గాని పుస్తకం కనబడదు. తాళం పగలగొట్టే పద్ధతులను ఈ వేదికలో చర్చించవద్దు, నిర్వాహకులు ఒప్పుకోరు, నాకూ ఇష్టం లేదు.

నిర్వాహకుడు · శనివారం రాత్రి 9.12

పై మాటతో ఏకీభవిస్తున్నాం. ఆ అంశాన్ని ఇక్కడికి ఆపండి.

మూసీ ఒడ్డు, నల్లగొండ · ఆదివారం ఉదయం 7.30

జంక్షన్ గారు, మీరు చెప్పినట్టే చేసి చూశాను. చరిత్ర పుస్తకం పేజీలో కొనే బొత్తమే వచ్చింది. అంటే పోయినట్టే. డిజిటల్ ఆర్డర్లలో మాత్రం 2021లో కొన్నట్టు లెక్క కనబడుతోంది.

ఇంకొక చిక్కు ఉంది. మా బిడ్డ ఆ పుస్తకంలో చాలా వాక్యాల కింద గీతలు గీసి, పక్కన తన మాటలు రాసుకుందట. పుస్తకం ఖరీదు నూటయాభై రూపాయల లోపే, దానికి బాధ లేదు. ఆ రాతలు పోతే మాత్రం నాకు ఇంట్లో స్థానం ఉండదు. పాత కిండిల్‌ను కేబుల్‌తో కలిపితే "My Clippings.txt" అనే ఫైలు కనబడింది. తెరిస్తే నేను గీసిన గీతలన్నీ ఉన్నాయి, ఎప్పుడో తీసేసిన పుస్తకాలవి కూడా ఉన్నాయి. ఆమెవి ఒక్కటీ లేవు. ఎందుకు?

జడ్చర్ల జంక్షన్ · ఆదివారం ఉదయం 8.10

ఆ ఫైలు ఆ పరికరం సొంత దినచర్య లాంటిది సార్. ఆ కిండిల్‌మీద వేలితో గీసిన గీతను మాత్రమే అందులో రాసుకుంటుంది. పుస్తకం తీసేసినా అందులోని మాటలు పోవు, మీరు స్వయంగా చెరిపితే తప్ప. మీ బిడ్డ గీసింది ఫోన్‌లో కాబట్టి, అవి ఖాతా దారిన క్లౌడ్‌కు వెళ్లాయి గాని ఈ ఫైలులోకి రాలేదు.

ఆమెను తన కంప్యూటర్‌లో బ్రౌజర్‌లో కిండిల్ నోట్‌బుక్ పేజీ తెరవమనండి. ఒక్కో పుస్తకం కింద గీతలూ రాతలూ అక్కడ వరుసగా ఉంటాయి. ఈ పుస్తకం పేరు ఆ జాబితాలో కనబడితే, ఆలస్యం చేయకుండా అన్నింటినీ ఎంచుకొని వేరే పత్రంలోకి కాపీ చేసుకోవాలి. పుస్తకం మళ్లీ కొన్న తర్వాతే చూద్దాం అని వదిలేయవద్దు.

గద్వాల కోట · ఆదివారం ఉదయం 9.00

మళ్లీ కొంటే గీతలు వాటంతట అవే వచ్చి కూర్చుంటాయని నేను విన్నాను. నిజమేనా?

పాలెం పొలిమేర, నాగర్‌కర్నూల్ · ఆదివారం ఉదయం 9.50

నాకు వచ్చాయి. రెండేళ్ల కిందట నేను తీసేసిన నవల ఒకటి మళ్లీ కొన్నప్పుడు పాత గీతలు, ఆగిన పేజీ సహా తిరిగి కనబడ్డాయి. అదే ఎడిషన్ కొన్నాను.

వెల్దండ వేప · ఆదివారం ఉదయం 10.25

నాకు రాలేదు. నేను కొన్నది అదే పుస్తకమే గాని ప్రచురణకర్త వేరు, దాన్ని వేరే పుస్తకంగానే లెక్కించినట్టుంది.

ఈ గీతల సంగతి వస్తే 2009 గుర్తుకొస్తుంది. ఆ ఏడాది జూలైలో, హక్కులు లేని ప్రచురణకర్త అమ్మిన జార్జ్ ఆర్వెల్ నవలలు రెండింటిని అమెజాన్ పాఠకుల కిండిల్‌లలోంచి దూరంనుంచే తీసేసింది. డబ్బు తిరిగి ఇచ్చారు గాని, అమెరికాలో ఒక విద్యార్థి చదువుకోసం రాసుకున్న వ్యాఖ్యలు పేజీలు లేక అర్థంలేనివయ్యాయి, వాటికోసం అతను కోర్టుకు వెళ్లాడు. అప్పుడు తీసింది అంగడివాడు, ఇప్పుడు తీసింది మనమే. అందుకే నేను ఏ పుస్తకాన్నీ డిలీట్ చేయను, కంపెనీ వాళ్లే ఎప్పుడో ఒకనాడు అన్నీ తీసేస్తారు.

జడ్చర్ల జంక్షన్ · ఆదివారం ఉదయం 11.15

వేప గారూ, 2009 సంగతి నిజమే. దాన్ని బట్టి అన్నీ తీసేస్తారనడం మాత్రం ఎక్కువ. ఇక్కడ మన చేతిలో ఉన్న పని వేరు. గీతల విషయంలో మీ ఇద్దరి అనుభవాలు రెండు రకాలుగా ఉన్నాయి కాబట్టి, మాస్టారు ఆ భరోసాతో కూర్చోకూడదు. కొనేటప్పుడు డిజిటల్ ఆర్డర్లలోని పాత లెక్కను తెరిచి, అక్కడి పుస్తకం పేరుమీదనే నొక్కి ఆ పేజీకే వెళ్లాలి. వెతుకులాటలో ముందు కనబడిన ప్రతిని కొనకండి.

అంతకన్నా ముందు కస్టమర్ సపోర్ట్‌కు ఒకసారి రాసి చూడండి. పొరపాటున తీసేశానని, పుస్తకం పేరు, ఆర్డరు తేదీ, ఆర్డరు సంఖ్య ఇవ్వండి. ఇస్తారని నేను హామీ ఇవ్వలేను, మళ్లీ కొనాలన్నదే రాతలో ఉన్న నియమం. అడగడానికి ఖర్చు లేదు కదా.

మూసీ ఒడ్డు, నల్లగొండ · ఆదివారం సాయంత్రం 5.20

నోట్‌బుక్ పేజీలో ఆ పుస్తకం పేరు ఉంది! మా బిడ్డ గీతలు, వ్యాఖ్యలు మొత్తం ఒక వర్డ్ పత్రంలోకి కాపీ చేసుకుంది. సపోర్ట్‌కు మూడు పుస్తకాల గురించీ రాశాను, జవాబు రావాలి.

ఇప్పుడు పాత కిండిల్ సంగతి చెప్పండి. అందులో "Downloaded" అని పెట్టి చూస్తే రెండువందలకు పైగా ఉన్నాయి. ఒక్కొక్కదాన్ని "Remove Download" అనుకుంటూ కూర్చుంటే బత్తాయి కాపు వచ్చేదాకా సరిపోతుంది.

జడ్చర్ల జంక్షన్ · ఆదివారం రాత్రి 7.40

ఒక్కొక్కటి తీయనక్కర లేదు. వేరేవాళ్లకు ఇచ్చేటప్పుడు పరికరాన్ని మొత్తంగా రీసెట్ చేయడమే పద్ధతి. "Settings" లోకి వెళ్లి "Device Options" కింద "Reset" నొక్కితే అందులో ఉన్నవన్నీ పోతాయి, మీ ఖాతాతో దాని సంబంధం కూడా తెగుతుంది. మీ ఖాతాలోని పుస్తకాలకు దీనివల్ల ఏ హానీ లేదు, అవి మీ కొత్త కిండిల్‌కూ మీ బిడ్డ ఫోన్‌కూ మునుపటిలాగే దొరుకుతాయి.

ప్రమాదమంతా రీసెట్‌కు ముందే ఉంది. గద్వాల అన్నగారి కథను ఇక్కడే గుర్తుపెట్టుకోవాలి. మీ కిండిల్‌లోని రెండువందల్లో మూడు జాతులు ఉండవచ్చు. కొన్నవి ఖాతాలో ఉన్నాయి కాబట్టి భయం లేదు. ఈమెయిల్ ద్వారానో వెబ్‌సైట్ ద్వారానో పంపుకున్న పత్రాలు ఖాతాలో "Docs" కింద ఉంటాయి, వాటినీ పరికరంలోంచి తీస్తే భయం లేదు, "Docs" లోంచి తీస్తేనే పోతాయి. మూడోది కేబుల్ పెట్టి కంప్యూటర్‌నుంచి నేరుగా వేసుకున్నవి. వాటికి క్లౌడ్‌లో ప్రతి ఉండదు. మీ కిండిల్‌లో ఉన్నదే ఏకైక ప్రతి అయితే, రీసెట్‌తో అది శాశ్వతంగా పోతుంది. పెద్ద స్కానింగులు తరచుగా ఈ జాతికే చెందుతాయి, ఎందుకంటే ఈమెయిల్‌లో 50 ఎంబీ దాటితే పోదు, వెబ్‌సైట్‌లో 200 ఎంబీ దాటితే పోదు, చివరికి అందరూ కేబుల్‌కే వస్తారు.

ఏది ఏ జాతిదో తెలుసుకోవడానికి కిండిల్ తెరను నమ్మకండి, అందులో అన్నీ ఒకేలా బొమ్మలుగా కనబడతాయి. కంప్యూటర్‌లో "Content Library" తెరిచి పుస్తకం పేరు వెతకండి. "Books" లోనూ లేక, "Docs" లోనూ లేకపోతే అది కేబుల్ పుస్తకం.

మూసీ ఒడ్డు, నల్లగొండ · ఆదివారం రాత్రి 9.30

రెండువందల పేర్లు వెతకడం కూడా పనే కదా!

జడ్చర్ల జంక్షన్ · ఆదివారం రాత్రి 9.45

అదీ నిజమే సార్. అయితే వెతకడం మానేసి, కేబుల్‌తో కలిపి "documents" అనే ఫోల్డరు మొత్తాన్ని కంప్యూటర్‌లోకి కాపీ చేసేయండి. మీది పాత పేపర్‌వైట్ కాబట్టి పెన్‌డ్రైవ్‌లాగే తెరుచుకుంటుంది. 4 జీబీ కాబట్టి చోటు కూడా పెద్దగా పట్టదు. తాళం ఉన్న కొన్న పుస్తకాలు ఆ కాపీలో పనికిరావు, మీ పీడీఎఫ్‌లు, కేబుల్ పుస్తకాలు మాత్రం పనికొస్తాయి, "My Clippings.txt" కూడా అందులోనే వస్తుంది. పుస్తకం పేరుతో పాటు ".sdr" అని చివర ఉన్న ఫోల్డర్లు కనబడితే కంగారు పడకండి, అవి ఆగిన పేజీ వంటి గుర్తులు.

కొందరు ఆ ఫోల్డరులోంచి ఫైళ్లను కంప్యూటర్‌లోనే చెరిపి, పుస్తకాలు పోయాయి అనుకుంటారు. ఫైలు పోతుంది, ".sdr" ఫోల్డరు మిగులుతుంది, ఖాతాలో పుస్తకం ఎక్కడికీ పోదు. మధ్యలో ఆగిన పని అది.

సాగర్ ఎడమకాలువ, మిర్యాలగూడ · ఆదివారం రాత్రి 10.10

మాస్టారు గారు, మీరు వాటిని కలెక్షన్లుగా పెట్టుకొని ఉంటే, కలెక్షన్‌ను తీసేస్తే అందులోని పుస్తకాలన్నీ ఒకేసారి పోతాయి కదా? ఈసారి కిండిల్‌నే అడుగుతున్నాను, కోబోను కాదు.

పాలెం పొలిమేర, నాగర్‌కర్నూల్ · ఆదివారం రాత్రి 10.30

పోవు అన్నా. కలెక్షన్ అంటే అరమీద అంటించిన చీటీ. చీటీ పీకితే పుస్తకాలు అక్కడే ఉంటాయి, చెల్లాచెదురుగా కనబడతాయి అంతే. నేను ఒకసారి అలా పీకి, రెండు గంటలు కూర్చొని మళ్లీ సర్దుకున్నాను.

వనపర్తి విద్యార్థిని · సోమవారం ఉదయం 8.15

జంక్షన్ అన్నా, చాట్‌లో మాట్లాడాను. కొన్న నాలుగో రోజే కాబట్టి డబ్బు వెనక్కి ఇస్తామన్నారు. ఇంకొక చిన్న ప్రశ్న. నా దగ్గర కిండిల్ అన్‌లిమిటెడ్ కింద తీసుకున్నవి ఇరవై ఉన్నాయి, ఇరవై ఒకటోది ఇవ్వడం లేదు. వాటిని డిలీట్ చేయాలా, రిమూవ్ చేయాలా?

జడ్చర్ల జంక్షన్ · సోమవారం ఉదయం 8.50

రెండూ కాదు, తిరిగి ఇవ్వాలి. ఇరవై అనేది ఒకేసారి పెట్టుకోగల హద్దు. "Remove Download" చేస్తే పరికరంలోంచి పోతుంది గాని లెక్కలో ఇరవైగానే ఉంటుంది. "Content Library" లో ఆ పుస్తకం దగ్గర తిరిగి ఇచ్చే మాట ఉంటుంది, దాన్ని నొక్కితే ఒక స్థానం ఖాళీ అవుతుంది. గ్రంథాలయానికి పుస్తకం తిరిగి ఇచ్చినట్టే.

మూసీ ఒడ్డు, నల్లగొండ · మంగళవారం సాయంత్రం 6.00

"documents" ఫోల్డరును కాపీ చేశాను. వెతికి చూస్తే కేబుల్ పుస్తకాలు ముప్పైకి పైగా తేలాయి, అందులో మా నాన్నగారి చేతిరాత పద్యాల స్కానింగు ఒకటి ఉంది. దాని ఇంకొక ప్రతి ఎక్కడుందో నాకే తెలియదు. నేను మొదట అనుకున్నట్టు శనివారమే రీసెట్ చేసి ఉంటే, అది ఉండేదని కూడా మరిచిపోయేవాణ్ని.

ఆ తర్వాత రీసెట్ చేశాను. మూడు పుస్తకాలు అందులోంచి కూడా పోయాయి. నవలలు రెండింటిని ఇంతకుముందే చదివినవాణ్ని కాబట్టి వదిలేశాను. చరిత్ర పుస్తకాన్ని మా బిడ్డ ఆర్డరు పేజీ దారినే వెళ్లి మళ్లీ కొన్నది. గీతలు వచ్చాయో లేదో అడిగితే, "ముందు కాపీ చేసుకున్నాను కదా నాన్నా, చూడలేదు" అన్నది. సపోర్ట్ వారి జవాబు ఇంకా రాలేదు.

ఒక్క సందేహం. రీసెట్ చేసినప్పుడు ఏరోప్లేన్ మోడ్‌లోనే ఉంది. వెబ్‌సైట్‌లో పరికరాల జాబితాలో నా పాత కిండిల్ పేరు ఇంకా కనబడుతోంది. పిల్లవాడికి ఇవ్వవచ్చా?

జడ్చర్ల జంక్షన్ · మంగళవారం సాయంత్రం 6.35

ఇవ్వకముందు ఆ జాబితాలోనే పాత కిండిల్ పేరును తెరిచి "Deregister" నొక్కండి. నెట్ లేకుండా రీసెట్ అయింది కాబట్టి, అమెజాన్ లెక్కలో అది ఇంకా మీదే. తీసేశాక జాబితాలో పేరు పోయిందో లేదో చూసుకోండి. పొరపాటున మీ కొత్త కిండిల్ పేరుమీద నొక్కకండి, రెండింటి పేర్లూ ఒకేలా ఉంటాయి, చివర అంకె మాత్రమే తేడా ఉంటుంది.

మూసీ ఒడ్డు, నల్లగొండ · మంగళవారం రాత్రి 8.05

రెండింటికీ నా పేరే ఉంది, చివర 2 అన్నది కొత్తది. రెండుసార్లు చదివి, మా బిడ్డకు ఫోన్‌లో చెప్పి, ఆమె సరే అన్నాకే నొక్కాను. ఎల్లుండి దేవరకొండ బస్సులో కిండిల్ పంపిస్తున్నాను.